టీడీఎస్ రిసీవబుల్ ఎప్పుడు రాయాలి: పార్టీ కట్ చేసినప్పుడా, 26ఏఎస్‌లో కనపడ్డాకా?

కృష్ణలంక ఖాతాలు

విజయవాడలో ఒక సివిల్ సబ్ కాంట్రాక్టర్ దగ్గర లెక్కలు రాస్తున్నాను. మాది ప్రొప్రైటర్‌షిప్, మెర్కంటైల్ పద్ధతి, ఆడిట్ ఉంది. మన పాన్ మీద జమైన టీడీఎస్‌ను డిపార్ట్‌మెంట్ చూపే స్టేట్‌మెంటే కదా 26ఏఎస్. మా ఓనరు గారు "26ఏఎస్‌లో వచ్చిందే మనది, అది చూశాకే ఎంట్రీ వెయ్యి" అంటారు. ఆడిటర్ గారి ఆఫీసులో కుర్రాడేమో పేమెంట్ పడిన రోజే వెయ్యమంటాడు. ఏది కరెక్ట్? ఇంకోటి, 2024 మార్చి 28న వేసిన బిల్లు ఒకటి ఉంది. పని విలువ 8,00,000, జీఎస్టీ 1,44,000. ఆ ఆదాయం 2023-24 రిటర్న్‌లో చూపించేశాం. మెయిన్ కాంట్రాక్టర్ దాన్ని ఏప్రిల్ 12న బుక్ చేసి 8,000 కట్ చేశాడు. ఇప్పుడది 2024-25 26ఏఎస్‌లో కనపడుతోంది. ఈ 8,000 ఏ సంవత్సరంలో అడగాలి?

వరంగల్ బిల్లులు

మీ ఓనరు గారు చెప్పిందే నయం అన్నా. డిపార్ట్‌మెంట్ ఇచ్చేది 26ఏఎస్‌లో ఉన్నదానికే కదా. పుస్తకాల్లో లక్ష రాసుకుని అక్కడ ఎనభై వేలే ఉంటే మిగతా ఇరవై వేల కోసం ఎవరి వెంట పడతాం? నేను ఏడాది చివర 26ఏఎస్ డౌన్‌లోడ్ చేసి, పార్టీకి ఒకటి చొప్పున మొత్తం ఎంట్రీ వేసేస్తాను. ఇక తేడా అన్న మాటే ఉండదు. మార్చి బిల్లు సంగతి కూడా అంతే, టీడీఎస్ ఏ సంవత్సరంలో కనపడితే ఆదాయం కూడా ఆ సంవత్సరంలోనే చూపిస్తే గొడవ లేదు.

పంచాయతీరాజ్ పనులు

ఇదే బాధ నాకూ ఉంది. సీసీ రోడ్డు బిల్లులో 2% టీడీఎస్ పట్టుకున్నారు. ఆరు నెలలైంది, 26ఏఎస్‌లో ఒక్క రూపాయి లేదు. ఆఫీసులో అడిగితే కట్టేశాం అంటున్నారు. ఎవరి మీద కంప్లైంట్ పెట్టాలి?

రాజమండ్రి ప్రాక్టీస్

ముందు పంచాయతీరాజ్ గారికి. మీరు చెప్పేది బహుశా జీఎస్టీ టీడీఎస్ అయి ఉంటుంది. కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటితే ప్రభుత్వ శాఖలు 2% పట్టుకుని జీఎస్టీ కింద కడతాయి. అది 26ఏఎస్‌లోకి రాదు. జీఎస్టీ పోర్టల్‌లో టీడీఎస్ క్రెడిట్ రిసీవ్డ్ అన్న చోట చూసి మీరు యాక్సెప్ట్ చేస్తే మీ క్యాష్ లెడ్జర్‌లో పడుతుంది. ఆదాయపు పన్ను టీడీఎస్ అదే బిల్లులో వేరే లైనుగా ఉంటుంది, మీరు వ్యక్తిగా చేస్తుంటే 1%. బిల్లు మీద రికవరీల పట్టీ ఒకసారి తీసి చూడండి, రెండూ వేర్వేరుగా రాసి ఉంటాయి.

ఇక అసలు ప్రశ్న. వరంగల్ గారూ, మీ పద్ధతిలో తేడా రాదన్నారు. నాకు భయం అక్కడే. తేడా కనపడాల్సిన చోట కనపడకుండా పోతుంది.

కృష్ణలంక గారి బిల్లే చూడండి. మొత్తం 9,44,000. పార్టీ 9,36,000 వేసింది. మీరు అందిన డబ్బు మాత్రమే రాసి ఊరుకుంటే 8,000 ఆ పార్టీ ఖాతాలో బాకీగా మిగులుతుంది. పక్కనే 5% రిటెన్షన్ కూడా అదే ఖాతాలో ఉంటే ఆ 8,000 ఏమిటో ఆర్నెల్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు. పార్టీ కట్ చేసి ప్రభుత్వానికి కట్టలేదనుకోండి. 26ఏఎస్‌లో రాదు, కాబట్టి మీరు ఎంట్రీ వేయరు, కాబట్టి మీ డబ్బు పోయిందని మీకు తెలియదు. చివరికి బ్యాలెన్స్ సర్దడానికి ఎవరో దాన్ని డిస్కౌంట్ కింద రాసేస్తారు.

అందుకని పేమెంట్ వివరాల కాగితం చేతికొచ్చిన రోజే వెయ్యండి. బ్యాంకు 9,36,000, టీడీఎస్ రిసీవబుల్ 8,000, పార్టీ ఖాతాకు 9,44,000 జమ. పార్టీ బిల్లు బుక్ చేసినప్పుడే కట్ చేసి, డబ్బు రెండు నెలల తర్వాత ఇస్తే, కట్ చేసిన తేదీ వాళ్లనడిగి నేరేషన్‌లో రాయండి. ఏ త్రైమాసికంలో వెతకాలో ఆ తేదీని బట్టే తెలుస్తుంది. లెడ్జర్ మాత్రం సంవత్సరానికొకటి పెట్టండి: `TDS Receivable 2023-24`, `TDS Receivable 2024-25`. అన్నీ ఒకే ఖాతాలో పోస్తే పాత బాకీ ఎప్పటికీ తేలదు.

26ఏఎస్‌ను చూసి ఎంట్రీ వేయకూడదు, వేసిన ఎంట్రీని దానితో సరిపోల్చాలి. సరిపోలక మిగిలినవే మీరు ఫోన్లు చేయాల్సిన పార్టీల జాబితా.

వరంగల్ బిల్లులు

మేడమ్, ఫోన్లు చేసినా పెద్ద కంపెనీలు పలకవు. వాళ్ల అకౌంట్స్ వాళ్లు మన మాట వినే రకం కాదు. తర్వాతి బిల్లు ఆపేస్తారేమోనని టెన్షన్ వేరే.

హైటెక్ సిటీ పేయబుల్స్

నేను అవతలి పక్షం మనిషిని. మెయిన్ కాంట్రాక్టర్ కంపెనీలో సబ్ కాంట్రాక్టర్ల బిల్లులు చూస్తాను. పలకడం లేదనే మాట కొంత నిజమే. కానీ "మా టీడీఎస్ రాలేదు" అని మాత్రమే మెయిల్ పెడితే మేం ఏం వెతకాలి? బిల్లు నంబరు, మేం బుక్ చేసిన తేదీ, మొత్తం, మీ పాన్ పంపండి. మా దగ్గర జరిగే తప్పులు ఎక్కువగా రెండే. ఒకటి, పాన్‌లో ఒక అక్షరం తేడా. అప్పుడు ఆ టీడీఎస్ మీకు రాదు, ఆ పాన్ ఇంకెవరిదైనా అయితే వాళ్ల 26ఏఎస్‌లో పడుతుంది. రెండు, చలానా మొత్తం మేం వేసే త్రైమాసిక టీడీఎస్ స్టేట్‌మెంట్ 26క్యూలో చూపినదానికి సరిపోకపోవడం. రెండింటికీ కరెక్షన్ స్టేట్‌మెంట్ వేస్తే సరిపోతుంది.

నాలుగో త్రైమాసికం 26క్యూకి గడువు మే 31. అందుకే మే మొదటి వారంలో వచ్చే మెయిల్‌కు మేం వెంటనే స్పందిస్తాం, సెప్టెంబరులో వచ్చేదానికి ఆలస్యమవుతుంది.

మార్చి 28 బిల్లు గురించి కూడా చెప్తాను. మీకు బిల్లు వేసిన రోజే ఆదాయం. మాకు సైట్ ఇంజినీరు ఎం.బుక్‌లో కొలతలు రాసి సంతకం పెడితేనే బిల్లు. మార్చి 28న ఇచ్చినదానికి కొలతలు ఏప్రిల్ 10కి అయితే ఏప్రిల్‌లోనే బుక్ చేస్తాం. అందులో మా తప్పేముంది?

రాజమండ్రి ప్రాక్టీస్

కొలతలు మార్చిలోనే అయిపోయి, మీరు "తర్వాత చూద్దాం" అని పక్కన పెడితే మాత్రం తప్పు మీదే. సస్పెన్స్ ఖాతాలో వేసినా కాంట్రాక్టర్‌కు జమ చేసినట్టేనని 194సి చెబుతోంది. మార్చిలో కట్ చేసినదానికి కట్టే గడువు ఏప్రిల్ 30 వరకు ఉంది. అదీ దాటి జూన్‌లో కట్టినా 8,000 మీద నెలకు 1.5% చొప్పున, మార్చి కూడా ఒక నెలగా లెక్కేస్తే వడ్డీ 480 రూపాయలు. ఆ 480 దగ్గర వెనకాడితే కాంట్రాక్టర్‌కు ఏళ్ల తరబడి తలనొప్పి.

కృష్ణలంక గారికి ఇప్పుడున్న దారి ఇది. టీడీఎస్ క్రెడిట్ ఆదాయం ఏ సంవత్సరానిదో ఆ సంవత్సరానికే ఇవ్వాలని 37బిఏ రూలు. మీ ఆదాయం 2023-24ది, కాబట్టి 8,000 కూడా దానిదే. అప్పటి రిటర్న్ వేసేటప్పటికి 2023-24 26ఏఎస్‌లో అది లేదు. సరిగ్గా ఇలాంటి వాటి కోసమే 2023 అక్టోబరు 1 నుంచి ఫారం 71 వచ్చింది. కట్ చేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక రెండేళ్లలోపు వేయాలి. మీది ఏప్రిల్ 2024లో కట్ అయింది, అంటే 2027 మార్చి 31 వరకు టైముంది. ఆ ఆదాయం పాత రిటర్న్‌లో చూపినట్టు ఉండాలి, మీకు ఉంది.

కృష్ణలంక ఖాతాలు

థాంక్స్ మేడమ్. ఫారం 71 పేరు మా ఆడిటర్ గారి ఆఫీసులో ఎవరూ ఎత్తలేదు. వాళ్లు ఈ సంవత్సరం రిటర్న్‌లోనే కలిపేద్దాం, అదే పార్టీతో ఈ ఏడాది టర్నోవర్ ఎక్కువుంది కాబట్టి 8,000 అందులో కలిసిపోతుంది అన్నారు.

వరంగల్ బిల్లులు

అదిగో, అందరూ చేసేది అదే. సిస్టమ్ కూడా తీసుకుంటుంది. ఎనిమిది వేల కోసం కొత్త ఫారం ఎందుకు?

రాజమండ్రి ప్రాక్టీస్

తీసుకోవచ్చు. తీసుకోకపోనూ వచ్చు. మీ 26ఏఎస్‌లో 2024-25కి ఈ 8,00,000 కూడా వసూళ్లలో కలిసి ఉంటుంది. రిటర్న్‌లో చూపే టర్నోవర్ అంతకంటే తక్కువైతే రిటర్న్ లోపభూయిష్టం అంటూ నోటీసు రావచ్చు. పార్టీలు ఎక్కువున్నవాళ్లకు ఆ తేడా మొత్తంలో కలిసిపోవచ్చు, ఒకే పార్టీతో పని చేసేవాళ్లకు కలవదు. నేను మాత్రం నా క్లయింట్లకు ఫారం 71 వేయిస్తాను. ఈ మాట మీద ప్రాక్టీసులో ఏకాభిప్రాయం లేదని ఒప్పుకుంటాను.

కృష్ణలంక ఖాతాలు

మీరు చెప్పినట్టే నిన్న 2024-25 నాలుగో త్రైమాసికం సరిపోల్చి చూశాను. ఒకే పార్టీవి రెండు బిల్లులు. 6,50,000 బిల్లుకి 6,500, సరిపోయింది, స్టేటస్ F. రెండోది 4,20,000 పని, 4,200 అనుకున్నాను. 26ఏఎస్‌లో 4,95,600 మీద 4,956 ఉంది, పక్కన U అని ఉంది. టీడీఎస్ సర్టిఫికెట్ 16ఏ అడిగితే ఎక్సెల్‌లో టైప్ చేసి పంపారు.

రాజమండ్రి ప్రాక్టీస్

4,95,600 అంటే జీఎస్టీ కలిపి కట్ చేశారు. బిల్లులో జీఎస్టీ విడిగా చూపితే దాని మీద టీడీఎస్ అక్కర్లేదని సీబీడీటీ 2017 సర్క్యులర్ 23 చెబుతోంది. ఎక్కువ కట్ చేసిన 756 మీకు క్రెడిట్‌గానే వస్తుంది, పోదు. ఎంట్రీ 4,956కి వేసుకోండి. వసూళ్ల తేడా 75,600 జీఎస్టీ అని ఒక పట్టీ రాసి ఫైల్లో పెట్టండి. వచ్చే బిల్లు నుంచి పని విలువ మీదే కట్ చేయమని చెప్పండి.

U అసలు సమస్య. వాళ్లు స్టేట్‌మెంట్‌లో చూపించారు కానీ చలానాతో కలవలేదు. అది F అయ్యేవరకు మీ చేతికి రానట్టే. ఎక్సెల్ 16ఏ దేనికీ పనికిరాదు. డిపార్ట్‌మెంట్ టీడీఎస్ పోర్టల్ ట్రేసెస్ నుంచి దించిన దాని మీద సర్టిఫికెట్ నంబరు ఉంటుంది, అదే అడగండి. నాలుగో త్రైమాసికానిది జూన్ 15లోపు ఇవ్వాలి. 26ఏఎస్, ఆ సర్టిఫికెట్, మీ లెడ్జర్ మూడూ ఒకే అంకె చూపితేనే టిక్ పెట్టండి.

హైటెక్ సిటీ పేయబుల్స్

U ఉంటే మాలాంటి వాళ్లకు చలానా ట్యాగింగ్ చూడమని రాయండి. చాలాసార్లు డబ్బు కట్టే ఉంటారు, తప్పు చలానాకు కలిపి ఉంటారు. ట్రేసెస్‌లో ఆ త్రైమాసికం డీఫాల్ట్ రిపోర్ట్ తీస్తే అక్కడే తెలుస్తుంది.

పంచాయతీరాజ్ పనులు

మేడమ్, జీఎస్టీ పోర్టల్‌లో చూశాను, ఉంది, యాక్సెప్ట్ చేశాను. ఇంకో సందేహం. పార్టీ కట్ చేసి నిజంగానే కట్టకపోతే? నాకు తెలిసిన పెయింటింగ్ కాంట్రాక్టర్‌కు మెయిన్ కంపెనీ మూతపడింది. ఇప్పుడు ఆ టీడీఎస్‌కు డిపార్ట్‌మెంట్ అతన్నే కట్టమంటోంది.

రాజమండ్రి ప్రాక్టీస్

చట్టం అతని పక్షానే ఉంది. పన్ను కట్ అయ్యాక ఆ మేరకు అతన్ని మళ్లీ అడగకూడదని 205 సెక్షన్. బలవంతపు వసూలు వద్దని సీబీడీటీ 2015 జూన్ 1న తన అధికారులకు రాసింది కూడా. కాకపోతే కట్ చేశారని రుజువు అతనే చూపాలి. బిల్లు, తక్కువగా పడిన బ్యాంకు ఎంట్రీ, పార్టీ పంపిన పేమెంట్ వివరాలు. పేమెంట్ పడిన రోజే పుస్తకాల్లో రాసిన ఎంట్రీ ఉంటే అది కూడా పనికొస్తుంది. వరంగల్ గారి పద్ధతిలో అది ఉండదు.

వరంగల్ బిల్లులు

ఈ ఒక్కటి ఒప్పుకుంటాను. ఎంట్రీ ముందే వేస్తాను. కానీ కొలతలు అవ్వని మార్చి బిల్లును కాంట్రాక్టర్ మార్చి ఆదాయంగా ఎందుకు చూపాలో నాకింకా అర్థం కాలేదు. అవతలివాళ్లు ఎంత పాస్ చేస్తారో తెలియని అంకెను ఆదాయం అనొచ్చా?

రాజమండ్రి ప్రాక్టీస్

మంచి ప్రశ్న. కాంట్రాక్టులో సర్టిఫై చేసిన కొలతలకే చెల్లింపు అని రాసి ఉంటే మీ వాదనకు బలముంది. కానీ మార్చి 31కి చేసిన పనిని లెక్కలోకి తీసుకోవాలనేది అవతలి వాదన. మీ కాంట్రాక్టు కాగితం చూడకుండా నేను ఏదీ ఖాయంగా చెప్పను. ఏ పద్ధతి పట్టుకున్నా ఏటా అదే నడపాలి. ఒక ఏడాది బిల్లు తేదీ, మరుసటేడు సర్టిఫికేషన్ తేదీ అంటే ఆఫీసరు ఒప్పుకోరు.

కృష్ణలంక ఖాతాలు

మా అగ్రిమెంట్ తీసి చదువుతున్నాను. చెల్లింపు క్లాజులో "ఇంజినీరు ధ్రువీకరించిన పరిమాణాలకు" అని ఉంది. ఆడిటర్ గారికి చూపించి ఇక్కడ రాస్తాను.