ఒమాహాలో రాజు ఫ్లష్ ఓడిపోవడం దురదృష్టమా? నాలుగు ముక్కల లెక్క తెలిసినవాళ్లు చెప్పండి

కొబ్బరితోట (అమలాపురం):
మా ఇంట్లో సంక్రాంతికి చుట్టాలంతా చేరి చింతపిక్కలతో పోకర్ ఆడతారు. ఇన్నేళ్లూ రెండు ముక్కల హోల్డెమ్ ఆడాం. ఈసారి మా బావగారు ఒమాహా నేర్పించారు. నాలుగు ముక్కలు పంచుతారు, అందులో కచ్చితంగా రెండు, బోర్డు మీద నుంచి మూడు కలిపి ఐదు ముక్కలు చెయ్యాలి. ఒక ఆట గురించి ఇంట్లో ఇప్పటికీ వాదన నడుస్తోంది.

ఐదుగురు కూర్చున్నారు. మా తమ్ముడికి ఆఠీన్ రాజు, ఆఠీన్ పది, ఇస్పేట్ జాకీ, కళావర్ తొమ్మిది వచ్చాయి. ఫ్లాప్‌లో ఇస్పేట్ రాణి, ఆఠీన్ ఏడు, ఆఠీన్ నాలుగు. టర్న్‌లో ఆఠీన్ రెండు. అంటే వాడికి రాజు ఫ్లష్ పడింది. రివర్‌లో డైమన్ తొమ్మిది, దానితో ఎవరికీ ఏమీ మారలేదు. వాడు ప్రతిసారీ పాట్ అంత కొట్టాడు, బావగారు ఒక్కరే కాల్ చేస్తూ వచ్చారు. చివర్లో ఆయన ఆఠీన్ ఆసు, ఆఠీన్ ఐదు తీసి చూపించారు. "నూటికి ఒక్కసారి జరిగేది ఇవాళే జరిగింది" అని తమ్ముడు అంటున్నాడు. నిజంగా అంత అరుదా?

గోదారి గాలి (భీమవరం):
అరుదు కాదండి. నాలుగు ముక్కల్లోంచి రెండేసి తీస్తే ఆరు జతలు వస్తాయి. అంటే ప్రతి మనిషి దగ్గరా ఆరు హోల్డెమ్ చేతులు ఉన్నట్టే. అందుకే ఒమాహాలో ఎక్కువ చేతులు ఆడొచ్చు, హోల్డెమ్‌లో పారేసేవి కూడా ఇక్కడ బలంగా ఉంటాయి. నేనైతే పంచిన వాటిలో సగం పైనే ఆడతాను.

వశిష్ఠ గట్టు (నరసాపురం):
ఆరు జతలన్న మాట నిజమే, దాన్నుంచి మీరు తేల్చింది మాత్రం నిజం కాదండి. మీకు ఆరు వస్తే ఎదుటివాళ్లకీ ఆరే వస్తాయి. అందరూ బలపడితే గెలవడానికి కావలసిన మెట్టు కూడా అంత పైకి పోతుంది. హోల్డెమ్‌లో రెండు జతలతో పాట్ పట్టుకుపోయే చోట ఇక్కడ స్ట్రెయిట్, ఫ్లష్, ఫుల్ హౌస్ చూపించాల్సి వస్తుంది.

పైగా ఆ ఆరు జతలూ వేర్వేరు చేతులు కావు, అవే నాలుగు ముక్కలు. అవి ఒకదానికొకటి సాయపడితేనే ఆరు పని చేస్తాయి. ఆసు, ఆసు, ఏడు, రెండు తీసుకోండి, నాలుగూ నాలుగు రంగులు. అందులో పనికొచ్చే జత ఆసులు ఒక్కటే. మిగతా ఐదు జతల్లో ఏడుకీ రెండుకీ మధ్య స్ట్రెయిట్ లేదు, ఆసులకి ఫ్లష్ దారి లేదు. అదే ఆసు, ఆసు, జాకీ, పది వచ్చి, ఒక ఆసు జాకీ రంగులోనూ రెండో ఆసు పది రంగులోనూ ఉంటే రెండు నట్ ఫ్లష్ దారులు, అంటే ఇంకే ఫ్లష్ కొట్టలేని ఆసు ఫ్లష్‌కి దారులు, పై స్ట్రెయిట్లు, ఆసుల జత, అన్నీ ఒకే చేతిలో ఉంటాయి. రెండిట్లోనూ ఆసుల జత ఉంది, విలువ మాత్రం ఒకటి కాదు.

హోల్డెమ్‌లో ఆసుల జత 221 సార్లకి ఒకసారి వస్తుంది, ఏ ఒక్క చేతి మీదైనా నూటికి 75 పైనే గెలుస్తుంది. ఒమాహాలో కనీసం రెండు ఆసులు సుమారు 39 సార్లకి ఒకసారి వస్తాయి. కానీ ఎనిమిది, ఏడు, ఆరు, ఐదు రెండు రంగుల్లో జతపడి ఎదురైతే, మంచి ఆసుల చేతికి కూడా నూటికి 60 చుట్టుపక్కలే మిగులుతుంది.

లెక్కల టీచర్ (పాలకొల్లు):
కొబ్బరితోట గారి తమ్ముడి ఆట కాగితం మీద వేసి చూశాను. టర్న్ పడ్డప్పుడు ఆయనకి తెలిసిన ముక్కలు ఎనిమిది, తెలియనివి 44. ఆఠీన్లలో రెండు తన దగ్గర, మూడు బోర్డు మీద, ఎనిమిది బయట. తనని ఓడించాలంటే ఎదుటివాడి దగ్గర ఆఠీన్ ఆసు ఉండాలి, దానితో పాటు ఇంకో ఆఠీన్ కూడా ఉండాలి.

ఒక మనిషి నాలుగు ముక్కల్లో ఆ ఆసు ఉండే అవకాశం 44లో 4, అంటే 11లో ఒకటి. ఆసు ఉన్నాక మిగతా మూడు ముక్కల్లో కనీసం ఒక ఆఠీన్ ఉండే అవకాశం నూటికి 42. రెండూ కలిపితే ఒక మనిషికి నూటికి 3.8. ఆసు ఒక్కరి దగ్గరే ఉంటుంది కాబట్టి నలుగురికీ నేరుగా కూడొచ్చు. మొత్తం నూటికి 15.

ఇదే బోర్డు, ఇదే రాజు, పది హోల్డెమ్‌లో అయితే? తెలియని ముక్కలు 46. వాటిలో రెండు ముక్కల జతలు 1035. ఆసుతో ఇంకో ఆఠీన్ కలిసేవి ఏడే. నలుగురికీ కలిపి నూటికి 2.7. అంటే ఒమాహాలో ప్రమాదం ఐదు రెట్లు పైనే. నూటికి ఒక్కసారి అన్న మాట హోల్డెమ్‌కి కూడా సరిపోదు.

వశిష్ఠ గట్టు (నరసాపురం):
టీచర్ గారూ, లెక్క చక్కగా ఉంది. ఒక్కటి కలుపుతాను. ఆ 15 అనేది నలుగురూ ఏ ముక్కలు వచ్చినా ఆడతారనుకుంటే వచ్చేది. అసలు ఆటలో జనం ఆసూ, అదే రంగు ముక్కా ఉన్న చేతుల్ని వదలరు, పనికిరానివి ముందే పారేస్తారు. పైగా ఫ్లాప్ మీద రెండు ఆఠీన్లు ఉన్నప్పుడు పాట్ అంత కొట్టినా కాల్ చేసి, మూడో ఆఠీన్ పడ్డాక మళ్లీ కాల్ చేశారంటే, ఆ చేతుల్లో ఆసు ఫ్లష్ వాటా 15 కంటే చాలా ఎక్కువ. ఎంత ఎక్కువన్నది మనిషిని బట్టి ఉంటుంది, దానికి లెక్క కట్టలేం.

పాట్ లిమిట్ కూడా చూడండి. మనిషికి పది పిక్కలు వేసి మొదలుపెడితే పాట్ 50. ఫ్లాప్‌లో 50 కొట్టి ఒకరు కాల్ చేస్తే 150. టర్న్‌లో 150 కొడితే 450. రివర్‌లో 450 కొడితే 1350. పది పిక్కలతో మొదలైన మనిషి 660 పెట్టేశాడు. రెండో స్థానం ఫ్లష్ నష్టం ఇక్కడే పెద్దదవుతుంది. చిన్న చేతులు వాళ్లు ముందే వదిలేస్తారు, చివరిదాకా డబ్బిచ్చేవాడు మీకంటే పైనున్నవాడు.

కాలవ గట్టు కుర్రోడు (రావులపాలెం):
నా కేసు వేరే అండి. బోర్డు మీద నాలుగు ఇస్పేట్లు పడ్డాయి, నా దగ్గర ఇస్పేట్ ఆసు ఒక్కటే ఉంది. మా వాళ్లు నీకు ఫ్లష్ లేదంటున్నారు. నాలుగూ ఒకటీ ఐదు కదా?

లెక్కల టీచర్ (పాలకొల్లు):
బాబూ, అది హోల్డెమ్ లెక్క. ఒమాహాలో చేతిలోంచి రెండు తప్పనిసరి, బోర్డు నుంచి మూడే. ఒక్క ఇస్పేట్‌తో బోర్డు మీద ఐదు ఇస్పేట్లు పడ్డా నీకు ఫ్లష్ రాదు. మీ వాళ్లు చెప్పిందే సరైనది.

వశిష్ఠ గట్టు (నరసాపురం):
దీనికి రెండో వైపు కూడా ఉంది. నాలుగూ ఆఠీన్లే పంచారనుకోండి, చూడ్డానికి బాగుంటుంది, ఆడటానికి బాగోదు. వాడుకునేది రెండే, మిగతా రెండూ మీకు కావలసిన ముక్కలు మీరే పట్టుకుని కూర్చున్నట్టు. చేతిలో రెండు, ఫ్లాప్‌లో రెండు ఆఠీన్లు ఉంటే బయట తొమ్మిది మిగులుతాయి. చేతిలో నాలుగు ఉంటే మిగిలేవి ఏడే. మూడు ఆసులు వచ్చిన చేతికి కూడా ఇదే జబ్బు, నాలుగోది ఒక్కటే మిగులుతుంది.

పేకాట మావయ్య (తణుకు):
ఆయ్, మేం పదమూడు ముక్కల రమ్మీ వాళ్లం. మాకు ఫ్లష్‌తో పని లేదు, సీక్వెన్స్ ఉంటే చాలు. ఇంతకీ ఇది ఆన్‌లైన్లో ఎక్కడ ఆడతారు?

కొబ్బరితోట (అమలాపురం):
మావయ్య గారూ, మాది ఇంట్లో చింతపిక్కల ఆటే. డబ్బు పెట్టి ఆన్‌లైన్లో ఆడటం మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. ఆ దారి అడగొద్దండి.

అసలు సంగతికొస్తే, తమ్ముడికి లెక్క చూపించాను. వాడు ఒప్పుకున్నాడు కానీ ఇంకో ప్రశ్న వేశాడు. రాజు ఫ్లష్ వచ్చిన ప్రతిసారీ పారేయాలా? అలాగైతే ఇంక ఆడేదేముంది?

గోదారి గాలి (భీమవరం):
పారేయక్కర్లేదు. ఇద్దరే మిగిలితే నేను ఎప్పుడూ కాల్ చేస్తాను. ఐదుగురుంటేనే భయం.

వశిష్ఠ గట్టు (నరసాపురం):
ఐదుగురుంటే జాగ్రత్త అన్నది ఒప్పుకుంటాను. "ఎప్పుడూ కాల్" అన్నది ఒప్పుకోను. రాజు ఫ్లష్‌తో టర్న్‌లో ఒకసారి కొట్టండి, ఎవరైనా తిరిగి పాట్ అంత రెయిజ్ చేస్తే వాళ్ల చేతిలో ఏముంటుందో ఆలోచించుకోండి. మామూలు మనిషి క్వీన్ ఫ్లష్‌తో అంత ధైర్యం చెయ్యడు. రివర్‌లో ఎదుటివాడు చెక్ చేస్తే మీరూ చెక్ చేసి చూపించండి. పాట్ చిన్నగా ఉండగా చూపించే అవకాశం దొరికితే రాజు ఫ్లష్ మంచి చెయ్యే. తమ్ముడు రివర్‌లో 450 కొట్టాడు చూశారా, ఆ పందేనికి ఆసు కంటే కింద ఫ్లష్‌తో ఎవరు కాల్ చేస్తారు? చాలా తక్కువమంది.

లెక్కల టీచర్ (పాలకొల్లు):
ఒక సందేహం. ఎదుటివాడి దగ్గర ఆఠీన్ ఆసు ఒక్కటే ఉండి, రెండో ఆఠీన్ లేకపోతే? నట్ ఫ్లష్ ఇంకెవరి దగ్గరా లేదని అతనికి ఒక్కడికే తెలుసు. నా లెక్కలో ఆసు ఉన్నవాళ్లలో నూటికి 58 మంది అలాంటివాళ్లే. పాట్ అంత రెయిజ్ చేసి భయపెట్టేది వాళ్లేమో?

వశిష్ఠ గట్టు (నరసాపురం):
అవునండి, తెలిసినవాళ్లు చేస్తారు. ఒట్టి ఆసుతో కొట్టడం ఒమాహాలో పెద్ద ఆయుధం. కానీ ఇంట్లో చింతపిక్కల ఆటలో నేను చూసినవాళ్లెవరూ అంత దూరం వెళ్లరు. అక్కడ రెయిజ్ అంటే చేతిలో ఉన్నట్టే తీసుకుంటాను.

గోదారి గాలి (భీమవరం):
మా భీమవరం వైపు వెళ్తారండీ. కిందటి పండక్కి మా చిన్నాన్న అదే చేశాడు. అందుకే నేను కాల్ చేస్తానన్నది.

కొబ్బరితోట (అమలాపురం):
అయితే మా బావగారు ఏ రకమో కనిపెట్టాలి. ఆఖరుగా ఒకటి. రివర్‌లో తొమ్మిది బదులు ఇంకో ఏడు పడి ఉంటే బావగారి ఆసు ఫ్లష్ కూడా భద్రమేనా?

లెక్కల టీచర్ (పాలకొల్లు):
కాదు. బోర్డు మీద జత పడితే ఆసు ఫ్లష్ నట్ కాదు. రాణి, ఏడు ఉన్నవాడికీ, చేతిలో నాలుగుల జత ఉన్నవాడికీ ఫుల్ హౌస్ అవుతుంది. ఏడు, నాలుగు పట్టుకున్నవాడికీ అంతే. టర్న్ దాకా మీ బావగారి వెనక ఇంకో ఇద్దరు కాల్ చేస్తూ వచ్చి ఉంటే, ఆ ఏడు పడ్డాక ఆయన కూడా చెక్ చెయ్యాలి.