ఒకే పెద్ద బ్లాగు పోస్టు నుంచి ఐదారు షార్ట్స్: ప్రతిదానికీ వేరే హుక్ ఎలా రాస్తున్నారు?

రాతకోతలు
ఫోన్ బ్యాటరీ మీద దాదాపు 2,000 పదాల పోస్టు ఉంది. అందులో ఆరు సబ్ హెడ్డింగులు. హెడ్డింగ్‌కి ఒకటి చొప్పున ఆరు నిలువు క్లిప్పులు చేశాను, అన్నీ 40 సెకన్ల లోపే. మొదటిది బాగానే వెళ్లింది, మిగతా ఐదూ పడుకున్నాయి. అన్నీ "ఫోన్ బ్యాటరీ ఎక్కువ కాలం రావాలంటే" అనే మొదలవుతాయి. వేరే హుక్‌లు రాద్దామని కూర్చుంటే అదే మాట ఆరు రకాలుగా తిప్పి రాసినట్టు ఉంటోంది. మీరెలా చేస్తున్నారు?

మెరుపుతీగ
సింపుల్ అండి. ప్రతి క్లిప్‌నీ ప్రశ్నతో మొదలుపెట్టండి. "మీ ఫోన్ వేడెక్కుతోందా?" లాంటిది. మొదటి మూడు సెకన్లు ఆపగలిగితే చాలు. సగం జవాబు చెప్పి "మిగతాది పార్ట్ 2లో" అంటే వాళ్లే వెతుక్కుంటూ వస్తారు.

గంటస్తంభం
నేను గంట పాడ్‌కాస్ట్ నుంచి పది ముక్కలు కోస్తాను. నవ్వులు, వాదనలు వచ్చిన చోట మార్క్ పెట్టుకుంటే చాలు. ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో వేవ్‌ఫామ్ ఎత్తుగా ఉన్న చోట చూడండి, అక్కడే హుక్ దొరుకుతుంది.

కత్తెర_కలం
గంటస్తంభం గారూ, ఆయన దగ్గరున్నది రాసిన పోస్టు. అందులో గొంతు లేదు, నవ్వు లేదు. కోయడానికేమీ ఉండదు, మళ్లీ రాయాల్సిందే.

రాతకోతలు గారూ, మీ సమస్య హెడ్డింగుల దగ్గరే ఉంది. "డిస్‌ప్లే సెట్టింగులు" అనే హెడ్డింగ్ పోస్టు తెరిచి చదువుతున్నవాడికి దారి చూపిస్తుంది. క్లిప్ చూసేవాడు మీ పోస్టులోకి ఇంకా రాలేదు. అందుకే హెడ్డింగులు పక్కన పెట్టి, "ఔనా?" అనిపించే వాక్యాలు ఎక్కడున్నాయో వెతకండి. అవి తరచుగా పేరా మధ్యలో దాక్కుని ఉంటాయి. ఒక్కో హెడ్డింగ్ కింద అలాంటివి రెండు ఉండొచ్చు, ఒక్కటీ లేకపోవచ్చు. ఆరు హెడ్డింగులున్నాయి కాబట్టి ఆరు క్లిప్పులు రావాలని లేదు.

మీ డిస్‌ప్లే భాగమే తీసుకుందాం. బ్రైట్‌నెస్, స్క్రీన్ టైమౌట్, డార్క్ మోడ్ అన్నీ అక్కడే ఉండి ఉంటాయి. మొదటి రెండూ అందరికీ తెలిసినవే, వదిలేయండి. డార్క్ మోడ్ గురించి ఇలా రాయొచ్చు:

"డార్క్ మోడ్ పెట్టినా కొన్ని ఫోన్లలో బ్యాటరీ ఏమీ మిగలదు. ఓఎల్ఈడీ తెరలో నల్లటి చోట పిక్సెల్ ఆరిపోతుంది, అందుకే కరెంటు మిగులుతుంది. ఎల్‌సీడీ తెరలో నలుపు కనిపించినా వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది. మీది ఏదో తెలియాలంటే, చీకటి గదిలో పూర్తిగా నల్లగా ఉన్న ఫోటో ఒకటి తెర నిండా తెరవండి. తెర చీకట్లో కలిసిపోతే ఓఎల్ఈడీ. బూడిద రంగులో మెరుస్తుంటే ఎల్‌సీడీ."

నేను చదివే వేగంలో సెకనుకు రెండు పదాలు పోతాయి, కాబట్టి ఇది పాతిక సెకన్లకు కాస్త అటూ ఇటూ వస్తుంది. హుక్ లేవనెత్తిన సందేహానికి జవాబు అందులోనే ఉంది. బ్రైట్‌నెస్ ఊసే లేదు. రాశాక పోస్టు మూసేసి స్క్రిప్ట్ ఒక్కటే చదవండి. "ఇందాక చెప్పినట్టు", "ఈ సెట్టింగ్" లాంటి మాట మిగిలిందంటే అది ఇంకా పోస్టులో ముక్కే, క్లిప్ కాలేదు.

మెరుపుతీగ గారూ, ప్రశ్నతో మొదలుపెట్టడం తప్పేం కాదు. కానీ "మీ ఫోన్ వేడెక్కుతోందా?" అంటే "లేదు" అనుకున్నవాడు అక్కడే పైకి తోసేస్తాడు. అవును, కాదు అని ఒక్క మాటలో తేలిపోని ప్రశ్న అయితేనే ఆగుతాడు. ఇక పార్ట్ 2 సంగతి: ఫీడ్ మీ వరుసలో చూపించదు. పార్ట్ 2 ముందు కనబడినవాడికి తలాతోకా తెలీదు.

మెరుపుతీగ
మొదటి పాయింట్ ఒప్పుకుంటాను. పార్ట్ 2 మాత్రం నాకు పనిచేస్తోంది. నన్ను ముందు నుంచీ ఫాలో అయ్యేవాళ్లు కామెంట్లలో అడిగి మరీ చూస్తారు.

కత్తెర_కలం
ఫాలో అయ్యేవాళ్లతోనే సరిపోతుందనుకుంటే సరే. కొత్తవాళ్లు కావాలంటే నేనైతే ఆ పని చేయను.

రాతకోతలు
ఇదే పద్ధతిలో ఇంకోటి రాశాను, చూడండి: "రీసెంట్ యాప్స్ అన్నీ మూసేస్తే బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది."

తూకపురాయి
మీ పోస్టులో నిజంగా అలాగే ఉందా? తరచూ వాడే యాప్‌ని మూసేస్తే అది మళ్లీ మొదటినుంచీ తెరుచుకోవాలి, ఆ ఖర్చు నిజమే. కానీ వెనకాల లొకేషన్ లాగుతూ ఇరుక్కుపోయిన యాప్‌ని మూస్తే బ్యాటరీ మిగులుతుంది. మీరు పోస్టులో "సాధారణంగా" అనో "చాలావరకు" అనో రాసి ఉంటారు. హుక్‌లోకి వచ్చేసరికి ఆ మాట ఎగిరిపోయింది. పోస్టులో అయితే నాలుగు లైన్ల కింద మినహాయింపు కనబడుతుంది, క్లిప్ చూసేవాడికి అది ఎప్పటికీ కనబడదు.

రాతకోతలు
ఉంది, "చాలావరకు" అనే ఉంది. కానీ హుక్‌లో "చాలావరకు" పెడితే చప్పబడిపోతుంది కదా?

కత్తెర_కలం
తూకపురాయి పట్టుకున్నది అసలైన చిక్కు. "చాలావరకు" అని పెట్టకుండా, ఏ సందర్భంలోనో పేరు పెట్టి చెప్పండి. "పది నిమిషాల్లో మళ్లీ తెరిచే యాప్‌ని మూసేస్తే, బ్యాటరీకి అది నష్టమే." ఇది నిజం కూడా, పైగా మొదటిదానికంటే గట్టిగా తగులుతుంది. ఎందుకంటే చూసేవాడికి తను చేసే పని కళ్ల ముందు కనబడుతుంది.

తూకపురాయి
ఇలా అయితే నాకు అభ్యంతరం లేదు. ఇరుక్కుపోయిన యాప్ సంగతి వేరే క్లిప్ అవుతుంది, దానికి హుక్ కూడా వేరే.

నీలిగడప
నాదో ప్రశ్న. నా పోస్టు ఫోటోల బ్యాకప్ ఎలా తీయాలి అనే దాని మీద, తొమ్మిది స్టెప్పులు. ప్రతి స్టెప్ ముందుదాని మీద ఆధారపడుతుంది. దాన్ని ఇలా విడగొట్టొచ్చా?

కత్తెర_కలం
తొమ్మిదిగా వద్దండి. నాలుగో స్టెప్ ఒక్కటే చూసినవాడు ఏం చేయగలడు? జనం ఎక్కువగా తప్పు చేసే స్టెప్ ఏదైనా ఉంటే దానికో క్లిప్. ఉదాహరణకి, సింక్ ఆన్‌లో ఉన్నప్పుడు ఫోన్లో ఫోటో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోవచ్చు. అది ఒంటరిగా నిలబడుతుంది. మిగతా స్టెప్పులు పోస్టులోనే ఉండనివ్వండి.

గంటస్తంభం
హుక్ బాలేదా, లోపల సరుకు బాలేదా అనేది ఎలా తెలుస్తుంది? నాకు వ్యూస్ బాగానే కనబడతాయి కానీ ఏమీ అర్థం కాదు.

కత్తెర_కలం
వ్యూస్ అంకె చూసి మోసపోకండి. యూట్యూబ్ షార్ట్స్‌లో 2025 మార్చి 31 నుంచి క్లిప్ ప్లే అవడం మొదలైతే చాలు, వ్యూ పడుతుంది. స్టూడియోలో ఆగి చూసినవాళ్ల శాతం, తోసేసినవాళ్ల శాతం విడిగా ఉంటాయి. తోసేసినవాళ్లు ఎక్కువైతే ముందు హుక్‌ని అనుమానించండి. చాలామంది ఆగి, మొదటి వాక్యం అయిపోగానే రిటెన్షన్ గీత నిట్టనిలువునా పడిపోతే, హుక్ ఒకటి చెప్పింది, లోపల ఇంకోటి ఉంది. గీత మెల్లగా దిగుతూ చివర్లో ఒక్కసారిగా పడితే కంగారు అక్కర్లేదు, జవాబు దొరికి వెళ్లిపోయారు.

నీలిగడప
అన్ని క్లిప్పులూ ఒకే రోజు పెట్టొచ్చా?

మెరుపుతీగ
నేను రోజుకొకటి.

గంటస్తంభం
నేను అన్నీ ఒకేసారి, పెద్ద తేడా కనబడలేదు.

రాతకోతలు
పోస్టులో ఇంకో మంచి వాక్యం దొరికింది: పాత ఫోన్ 20 శాతం చూపిస్తూనే ఆగిపోవడం. ఇంటర్నల్ రెసిస్టెన్స్, వోల్టేజ్ డ్రాప్ వివరించేసరికి నిమిషం దాటుతోంది. ఎవరైనా కుదించగలరా?

తూకపురాయి
ఆ రెండు మాటలూ తీసేయండి. "20 శాతం ఉండగానే ఫోన్ ఆగిపోయిందా? ఆ ఛార్జ్ లోపలే ఉంది. కెమెరా లాంటివి తెరిచినప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి, పాతబడిన బ్యాటరీ అంత ఇవ్వలేకపోతుంది. అందుకే ఫోన్ ఆగిపోతుంది." రెసిస్టెన్స్ కావాలన్నవాడు మీ పోస్టు చదువుకుంటాడు.