వై పోయి వస్తుందా, మారి వస్తుందా?

నరసన్నపేట నుంచి:
మా చిన్నోడు మూడో తరగతి. నిన్న రాత్రి వాడి ఇంగ్లిష్ బహువచనాల వర్క్‌షీట్ దగ్గర కూర్చుంటే మా ఊరి బడిలో మాస్టారు వల్లె వేయించిన వరస ఒకటి గుర్తొచ్చింది. ‘వై ముందర అచ్చుంటే వై కదలదు, హల్లుంటే వై ... ఐఈఎస్’. ఆ మధ్య మాటే అందడం లేదు. ‘వై పోయి’నా, ‘వై మారి’నా? ఎవరికైనా గుర్తుందా?

ఆమదాలవలస నుంచి:
‘పోయి’యే. మేమూ అదే చదివాం. బేబీలో వై పోయింది, ఐఈఎస్ వచ్చింది. ఇందులో సందేహం ఏటుంది?

రాజాం, రిటైర్డ్ టీచర్:
నేను ముప్పై ఏళ్లు ‘మారి’ అనే చెప్పాను, కావాలనే చెప్పాను. ‘పోయి’ అన్న పిల్లలకి బేబీ, సిటీ, లేడీ ఉన్న కాగితం పదికి పది వస్తుంది. తర్వాతి కాగితంలో క్యారీకి భూతకాలం రాయమంటే వైని అలాగే ఉంచి పక్కన ఈడీ పెడతారు. ఎందుకంటే వాళ్ల బుర్రలో ఐఈఎస్ ఒకే ముద్ద. ఈడీ దగ్గర ఆ ముద్ద పనికిరాదు. ‘వై మారి ఐ అవుతుంది, ఆ తర్వాత రావలసింది వస్తుంది’ అని నేర్చుకుంటే ఈఎస్ అయినా, ఈడీ అయినా, హ్యాపీ పక్కన ఈఆర్ అయినా ఒకటే పని. ఒక్క మాటతో మూడు వర్క్‌షీట్లు గట్టెక్కుతాయి.

ఆమదాలవలస నుంచి:
మరి క్యారీయింగ్‌లో వై మారదు కదా మాస్టారూ?

రాజాం, రిటైర్డ్ టీచర్:
మారదు. ఐఎన్‌జీ ఐతోనే మొదలవుతుంది. వైని కూడా ఐ చేస్తే రెండు ఐలు పక్కపక్కన పడతాయి. ఇంగ్లిష్‌లో అలా రావు.

చీపురుపల్లి నుంచి:
రావు అనకండి. స్కీయింగ్‌లో రెండు ఐలు ఉన్నాయి. కాకపోతే అక్కడ మొదటి ఐ ముందునుంచీ ఉన్నదే, వైని మార్చి తెచ్చుకున్నది కాదు.

పాలకొండ నుంచి:
మా మనవరాలు చైల్డ్‌కి చైల్డ్స్ అని రాసింది, టీచరమ్మ ఎర్ర గీత కొట్టారు. పిల్ల ఏడుపు. చిల్డ్రన్ ఎందుకొచ్చిందో ఎవరైనా చెప్పండి బాబూ.

చీపురుపల్లి నుంచి:
అమ్మా, అది వై సంగతి కాదు గానీ చెప్తాను. పాత ఇంగ్లిష్‌లోనే దానికి ‘ర్’ చేరిన బహువచనం ఉండేది. అది జనానికి బహువచనంలా అనిపించక ఆక్సెన్‌లో ఉన్న ‘ఎన్’ని దానిమీద మళ్లీ తగిలించారు. ఒకే మాటకి రెండు బహువచనాలు. పాపకి ఇలా చెప్తే గుర్తుంటుంది.

అసలు ప్రశ్నకి వస్తే, నా లెక్కలో ‘పోయి’ తప్పు, ‘మారి’ కూడా తప్పే. షేక్‌స్పియర్ నాటకాల 1623 నాటి సంపుటం ముఖపత్రం చూడండి. ‘ట్రాజెడీస్’ చివర ఈనాటిలాగే ఐఈఎస్. లోపల హామ్లెట్ పేరు ముందు ఒక్క ‘ట్రాజెడీ’ ఉంది. దాని చివర వై లేదు, ఐఈ ఉంది. అంటే దానికి ఎస్ చేర్చడమే బహువచనం. తర్వాతి కాలంలో ఏకవచనం చివర వై స్థిరపడింది, బహువచనం మాత్రం పాత బట్టలోనే ఉండిపోయింది. మారింది బేబీయే, బేబీస్ కాదు.

రాజాం, రిటైర్డ్ టీచర్:
మీరు చెప్పింది నిజమే. కానీ మూడో తరగతి గుంటడికి 1623 ఎలా చెప్తాం? వాడి చేతిలో ఉన్నది ఈనాటి బేబీ. వాడికి అది మారుతున్నట్టే కనిపిస్తుంది.

బొబ్బిలి నుంచి:
మన మనిషి కూడా మారుతుంది కదా! మనిషి, మనుషులు. చివరి ‘షి’ ‘షు’ అయిపోతుంది, దాని ముందున్న ‘ని’ కూడా ‘ను’ అయిపోతుంది. గురజాడ గేయంలో ‘మనుషులోయ్’ని ‘మనిషులోయ్’ అని పాడి చూడండి, నోరు ఒప్పుకోదు. పిల్లి, పిల్లులు. కత్తి, కత్తులు. ఈ వరస తెలిసిన పిల్లలకి వై కొత్తేమీ కాదు. మా విజయనగరంవాళ్లం గురజాడతోనే మొదలుపెడతాం, ఏమీ అనుకోకండి.

నరసన్నపేట నుంచి:
బావుంది. కానీ మావాడి తప్పు ఇంకోటి. మంకీకి వై తీసి ఐఈఎస్ రాశాడు. ‘వై ముందర అచ్చుందిరా’ అంటే ‘మంకీలో వినపడేది క కదా నాన్నా, అది హల్లు కదా’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

రాజాం, రిటైర్డ్ టీచర్:
వాడు చెవితో విన్నాడు. చెవికి మంకీ, బేబీ ఒకేలా ఈకారంతో ముగుస్తాయి. మన లిపిలోనూ రెండింటికీ గుడిదీర్ఘమే పెడతాం. ఈ వరసలో అచ్చంటే వినపడేది కాదు, కాగితం మీద కనపడేది. నేను పిల్లల చేత వై ముందున్న అక్షరం చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టించేదాన్ని. మంకీలో సున్నా ఈ మీద పడుతుంది, బేబీలో బీ మీద. సున్నా చుట్టాకే బహువచనం రాయాలి.

చీపురుపల్లి నుంచి:
కనపడేదే అంటే సొలిలొక్వీ దగ్గర ఇబ్బంది. క్యూ తర్వాత యూ కనపడుతుంది, అయినా బహువచనం ఐఈఎస్సే. అక్కడ యూ పలికేది వ.

రాజాం, రిటైర్డ్ టీచర్:
ఆ మాట మూడో తరగతిలో రాదు లెండి.

ఆమదాలవలస నుంచి:
మా అన్నయ్యకి ఫోన్ చేసి అడిగాను. ఆయనా ‘పోయి’ అనే చదివాడట.

నరసన్నపేట నుంచి:
మా ఊరి మాస్టారి అమ్మాయి టెక్కలిలో ఉంటోంది. ఆదివారం కలిసి ఆవిడనే అడుగుతాను. మావాడి చేత మాత్రం ఈ పూట సున్నాలు చుట్టిస్తున్నాను.