అప్‌డేట్: రాజీనామా మెయిల్ పంపేశాను, రిలీవింగ్ లెటర్ వచ్చింది

నా ప్రశ్న: "ఎమ్మెస్సీ నర్సింగ్‌లో సీటొచ్చింది. రాజీనామా మెయిల్‌లోనే వార్డు వాళ్లకి థాంక్స్ చెప్పొచ్చా?"

సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. రెండు మెయిల్స్‌గా విడగొట్టమన్న అక్క మాటే పనిచేసింది. నర్సింగ్ సూపరింటెండెంట్‌కి, హెచ్‌ఆర్‌ని సీసీలో పెట్టి, నాలుగే లైన్లు: ఉన్నత చదువుకి రాజీనామా, నోటీసు 30 రోజులు, చివరి డ్యూటీ తేదీ, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కావాలని. నా మొదటి డ్రాఫ్ట్‌లో కృతజ్ఞతల మధ్య ఆ తేదీ రాయడమే మర్చిపోయాను!

వార్డు మెయిల్ చివరి వారంలో పంపాను. "నా మొదటి నైట్ డ్యూటీలో ఐవీ లైన్ దొరక్క చేతులు వణికితే, పక్కన నిలబడి 'నిదానంగా చెయ్యమ్మా' అన్నారు సిస్టర్" అని రాశా. ఇన్‌ఛార్జ్ సిస్టర్ దాన్ని హ్యాండోవర్ టైంలో అందరికీ చదివి వినిపించారట.

అడ్మిషన్ లెటర్ జత చేయాలా అని తెగ బెంగపడ్డాను. ఎవరూ అడగనేలేదు.