ఖాతాలో డబ్బుంది, ఆన్‌లైన్‌లో కార్డు మాత్రం పనిచేయట్లేదు

రాజోలు చెరువు రైతు: రొయ్యల చెరువుకి రెండు ఏరేటర్లు ఆర్డర్ పెట్టానండి, 38,400 రూపాయలు. ఖాతాలో లక్షా పన్నెండు వేలుంది. డెబిట్ కార్డు నంబరు కొట్టగానే, ఓటీపీ కూడా రాకుండా ఫెయిల్ అంటోంది. నాలుగుసార్లు అయింది. పొద్దున్నే మలికిపురం ఏటీఎంలో ఇదే కార్డుతో 5,000 తీశాను. మరి కార్డు బాగున్నట్టే కదా?

పాలకొల్లు కుర్రాడు: సర్వర్ డౌన్ అయ్యుంటుందండి. రాత్రి పది దాటాక కొట్టండి, వెళ్లిపోద్ది.

భీమవరం రిటైర్డ్ క్యాషియర్: సర్వర్ గొడవైతే నాలుగింట్లో ఒకసారైనా ఓటీపీ దాకా వెళ్లేది. ఈ కార్డు కొత్తగా వచ్చిందా?

రాజోలు చెరువు రైతు: ఆయ్, పాతదాని గడువైపోతే పోయిన నెల పోస్టులో వచ్చిందండి.

భీమవరం రిటైర్డ్ క్యాషియర్: అయితే నా అనుమానం అదే. 2020 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. కొత్త కార్డయినా, మార్చి ఇచ్చిన కార్డయినా మన దేశంలో ఏటీఎంలో, దుకాణంలో మిషన్‌లో పెట్టి వాడుకోవడానికే సిద్ధంగా వస్తుంది. ఆన్‌లైన్ వాడకం మనమే ఆన్ చేసుకోవాలి. పాత కార్డుకి మీరు ఆన్ చేసుకున్నది దీనికి రాదు. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులు తెరిచి చూడండి.

అమలాపురం టీచరమ్మ: నాకూ ఇదేనండి! మా అమ్మాయి పరీక్ష ఫీజు 1,250 కట్ అయింది, రసీదు మాత్రం రాలేదు.

భీమవరం రిటైర్డ్ క్యాషియర్: మీది వేరే గొడవమ్మా. డబ్బు పోయింది, అవతలికి చేరినట్టు కబురు రాలేదు. అలాంటిది లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం.

రాజోలు చెరువు రైతు: నిజమేనండి, స్విచ్ ఆఫ్‌లో ఉంది! ఆన్ చేస్తే ఓటీపీ వచ్చింది. కానీ కొట్టాక మళ్లీ ఫెయిల్.

భీమవరం రిటైర్డ్ క్యాషియర్: ఆ స్విచ్ కిందే రోజువారీ పరిమితి ఉంటుంది. ఎంతుందో చెప్పండి.

రాజోలు చెరువు రైతు: 25,000.

భీమవరం రిటైర్డ్ క్యాషియర్: అదీ సంగతి. ఖాతాలో కోటి ఉన్నా ఆ గీత దాటనివ్వదు. ఏటీఎం పరిమితి వేరు, ఇది వేరు. 40,000 పెట్టి ఒక్కసారే కొట్టండి. ఊరికే మళ్లీ మళ్లీ కొడితే అనుమానంతో కార్డే ఆపేసే బ్యాంకులున్నాయి.

రాజోలు చెరువు రైతు: వెళ్లిందండి! ఇప్పుడు మళ్లీ 25,000కి దించేశాను.

పాలకొల్లు కుర్రాడు: నాకు స్విచ్ ఆన్‌లోనే ఉంది, పరిమితి 50,000. అయినా 12,000 వెళ్లట్లేదు.

భీమవరం రిటైర్డ్ క్యాషియర్: పాస్‌బుక్ నిల్వ కాదు బాబూ, వాడుకోగలిగే నిల్వ చూడు. లోన్ వాయిదాకో, షేర్ల దరఖాస్తుకో కొంత పట్టి ఉంచారేమో.

పాలకొల్లు కుర్రాడు: రెండూ ఒకటే చూపిస్తోందండి, 31,600.

భీమవరం రిటైర్డ్ క్యాషియర్: అయితే ఇక్కణ్నుంచి చెప్పలేను. కార్డు వెనకున్న నంబరుకే ఫోన్ చేసి తిరస్కరణ కోడ్ ఏమిటో అడుగు. 57 అంటే ఆ రకం వాడకానికి అనుమతి లేదని, 61 అంటే పరిమితి దాటిందని. గూగుల్‌లో దొరికిన నంబరుకి మాత్రం చేయకు.