అప్‌డేట్: ప్రింటర్‌లో నల్ల చుక్క పోయింది, తప్పు డ్రమ్ముది

నేనడిగింది: "లేజర్ ప్రింటర్‌లో ప్రతి పేజీకీ ఎడమవైపు ఒకే వరసలో నల్ల చుక్కలు పడుతున్నాయి. ఫ్యూజర్ మార్చాలంటున్నారు, నిజమేనా?"

టోనర్ పొడిని వేడితో కాగితానికి అతికించే ఫ్యూజర్‌ది కాదండీ తప్పు. స్కేలు పెట్టి కొలవమన్నవారికి చాలా థాంక్స్, దారి దొరికింది అక్కడే. ఏ4 కాగితం మీద చుక్కకీ చుక్కకీ మధ్య సరిగ్గా 75 మిల్లీమీటర్లు వచ్చింది. నా కార్ట్రిడ్జ్‌లో టోనర్‌ని కాగితం మీదికి చేర్చే రోలరు, అదే డ్రమ్ము, దాని వ్యాసం 24 మిల్లీమీటర్లు, అంటే చుట్టుకొలత సుమారు 75. డ్రమ్ము ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక చుక్క అన్నమాట. డ్రమ్ము సైజు మారితే ఈ దూరమూ మారుతుంది, మీ మోడల్‌ది చూసుకోండి.

అయినా అనుమానం తీరక, ప్రింటు సగంలో ఉండగా తలుపు తెరిచి కాగితం మెల్లగా లాగాను. ఫ్యూజర్ దాకా ఇంకా పోని భాగంలోనూ చుక్క ఉంది. వేలు తగిలితే అక్షరాలతో పాటే చెరిగింది. పూర్తిగా బయటికొచ్చిన పేజీ మాత్రం ఎంత రుద్దినా చెరగలేదు. అది కూడా చెరిగుంటే అప్పుడు ఫ్యూజర్ వేడిని అనుమానించాలి.

గుంటూరు బ్రాడీపేటలో కార్ట్రిడ్జ్ రీఫిల్ చేసేవాళ్లు విప్పి చూపించారు. పచ్చటి డ్రమ్ము మీద ఆవగింజంత గాటు. డ్రమ్ము ఒక్కటే మార్చారు, టోనర్ పాతదే. 200 పేజీలు తీశాను, ఒక్క చుక్క లేదు.

కాగితానికి తేమ పట్టిందేమోనని కొత్త రీము కొనడం, క్లీనింగ్ పేజీలు తీయడం నా విషయంలో పనికిరాలేదు.