"సరే" తర్వాత చుక్క పెడితే కోపమేనా?

వరండా: మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. మెసేజ్ చివర నేను ఫుల్‌స్టాప్ పెట్టినప్పుడల్లా "నాన్నా, ఎందుకు కోపం?" అంటుంది. వాక్యం అయిపోతే చుక్క పెట్టాలని బడిలో నేర్చుకున్నవాళ్లం. అందులో కోపం ఎక్కడుంది? పిల్లలదే అతి అనుకోవాలా?

బడిపంతులు: అతి కాదు, అలవాటు తప్పడం. ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలే పట్టే రోజుల్లో అందరూ చుక్కలూ కామాలూ మానేశారు. తర్వాత ఆ హద్దు పోయినా బద్ధకం మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు ఎవరైనా సరిగ్గా రాస్తే వింతగా తోస్తోంది. ఆ వింతకే కోపం అని పేరు పెట్టారు. మీరు రాసేది మార్చుకోవద్దు.

కొత్తమొలక: బద్ధకం కాదు సార్. నాలుగు వాక్యాల మెసేజ్ పంపితే మధ్యలో చుక్కలు మేమూ పెడతాం. చివరిదొక్కటే వదిలేస్తాం. మా ఫ్రెండ్‌ని "రేపు వస్తున్నావా" అని అడిగితే "వస్తా" అంటే వస్తున్నట్టే. "వస్తా." అని వచ్చిందంటే, ఏదో అయింది, రావాలని లేదు అని వెంటనే టెన్షన్ పట్టుకుంటుంది. ఇది మాకెవరూ నేర్పలేదు, అలా అనిపిస్తుంది అంతే.

మిణుగురు: నా అనుభవంలో అసలు బాధ చుక్కతో కాదండీ. మెసేజ్ చూసి కూడా గంటల తరబడి జవాబివ్వరు. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

వరండా: అది వేరే సంగతండీ. మా ఇంట్లో జవాబులు వెంటనే వస్తాయి. గొడవంతా చివరి చుక్క దగ్గరే.

నీలికలం: పంతులుగారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. చాట్‌లో చివరి చుక్క అరుదైపోయింది, అందుకే కంటికి కొట్టొచ్చినట్టు కనపడుతోంది. కానీ అరుదు కావడానికి కారణం బద్ధకం కాదు. కాగితం మీద వాక్యాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, చుక్క లేకపోతే ఎక్కడ ఆగాలో తెలియదు. చాట్‌లో ఒక్కో మాటా ఒక్కో గడిలో పడుతుంది. పంపే బటన్ నొక్కడంతోనే వాక్యం అయిపోయిందని ఎదుటివారికి అర్థమవుతుంది. అంటే చుక్క చేయాల్సిన పని అప్పటికే జరిగిపోయింది. అవసరం లేనిచోట కూడా పెట్టారంటే, కావాలనే పెట్టి ఉంటారని చదివేవారు అనుకుంటారు. ఇక ఏ ఉద్దేశంతో పెట్టారా అని వెతకడం మొదలవుతుంది.

చుక్క చూడగానే మనసులో గొంతు దిగినట్టు వినిపిస్తుంది. "సరే" అని మామూలుగా అనడానికీ, గొంతు దించి తెంపేసినట్టు అనడానికీ ఉన్న తేడా అది. ముఖం కనపడదు, గొంతు వినపడదు కాబట్టి ఆ తేడాను పట్టుకోవడానికి వాళ్లకు దొరికిన గుర్తు ఇదొక్కటే.

దీన్ని పరీక్షించి చూశారు కూడా. అమెరికాలోని బింగమ్టన్ యూనివర్సిటీలో సీలియా క్లిన్ బృందం 126 మంది విద్యార్థులకు చిన్న సంభాషణలు చూపించింది. ఒకరు ఎక్కడికైనా రమ్మని పిలుస్తారు, రెండోవారు ఒక్క మాటలో ఒప్పుకుంటారు. ఆ ఒక్క మాట చివర చుక్క ఉంటే, జవాబులో మనస్ఫూర్తితనం తక్కువగా ఉన్నట్టు విద్యార్థులకు తోచింది. అవే మాటలు చేత్తో రాసిన చీటీల్లో చూపిస్తే చుక్క ఉన్నా లేకున్నా తేడా రాలేదు. 2015 చివర్లో బయటికొచ్చిన ఫలితం ఇది. చుక్కలో కోపమేమీ లేదు, చాట్‌లో అది నిలబడే చోటే దానికి ఆ రంగు పూస్తోందని నాకు అనిపిస్తుంది.

బడిపంతులు: 126 మంది, అందరూ ఒకే యూనివర్సిటీ పిల్లలు, అదీ ఇంగ్లీషు మెసేజ్‌లు. దాన్నిబట్టి మన ఇళ్లలో తీర్పు చెప్పేస్తారా? పైగా వాళ్లు కొలిచింది మనస్ఫూర్తితనం, కోపం కాదు.

నీలికలం: రెండో మాట ముమ్మాటికీ నిజం. కోపం ఉందని ఆ పరీక్ష చెప్పలేదు, మనస్ఫూర్తితనం తక్కువగా ఉన్నట్టు తోస్తుందని మాత్రమే చెప్పింది. మొదటిది కూడా ఒప్పుకుంటాను. తెలుగులో మనకు వేరే దారులున్నాయి. "సరేనండీ." అని చివర చుక్క పెట్టినా ఎవరూ నొచ్చుకోరు, ఎందుకంటే "అండీ" అప్పటికే మెత్తన చేసేసింది. "సరే అమ్మా." అన్నా అంతే. ఏ పిలుపూ లేకుండా ఒంటరిగా నిలబడిన "సరే." దగ్గరే చిక్కు వస్తుంది. వరండా గారూ, మీరు ఏమని పంపినప్పుడు అమ్మాయి అడిగింది?

వరండా: మొన్న "నాన్నా, లైబ్రరీలో కూర్చుంటున్నాం, రావడం ఎనిమిది అవుతుంది" అని పెట్టింది. నేను "సరే." అన్నాను. రెండు నిమిషాల్లో "ఏడింటికే వచ్చేస్తాలే" అని వచ్చింది. నేను రావద్దన్నది లేదు, తొందరగా రమ్మన్నదీ లేదు.

కొత్తమొలక: అంకుల్, మీ అమ్మాయి స్థానంలో నేనున్నా అదే చేస్తాను. ఆలస్యం అవుతుందని చెప్పేటప్పుడే మాకు లోపల బెరుకుగా ఉంటుంది. దాని మీద ఆ చుక్క పడితే "నాన్నకు నచ్చలేదు" అనే చదువుకుంటాం. అదే "పుస్తకం తెచ్చాను" అన్నదానికి "సరే." అని పెట్టి ఉంటే అంత పట్టించుకునేది కాదు.

రాత్రిపాళీ: నాదీ ఇలాంటిదే, ఆఫీసులో. పని పూర్తిచేసి ఫైలు పంపితే మా టీమ్ లీడ్ నుంచి "చూస్తాను." అని వచ్చింది. సాయంత్రమంతా ఎక్కడ తప్పు చేశానా అని ఆ ఫైలే తిరగేశాను. మర్నాడు అడిగితే ఆయన చుక్క పెట్టనేలేదు. ఫోన్‌లో స్పేస్ రెండుసార్లు నొక్కితే అదే చుక్కగా మారిపోతోందట. మాట్లాడి టైపు చేయించే వాళ్లకు కూడా చాలా ఫోన్లలో చివరి చుక్క దానంతటదే వచ్చేస్తుంది. కొన్నిసార్లు ఆ చుక్క వెనక మనిషే ఉండడు.

నీలికలం: అందుకే ఒక్క చుక్కను చూసి ఏమీ తేల్చకూడదు. ఆ మనిషి పాత మెసేజ్‌లు కాస్త పైకి జరిపి చూడాలి. ప్రతి మెసేజ్‌కీ చుక్క పెట్టేవారైతే ఇవాళ్టి చుక్కకు అర్థం లేదు. ఎప్పుడూ పెట్టనివారు హఠాత్తుగా పెట్టి, మాటలు కూడా కుదించేస్తే అప్పుడు ఆలోచించాలి. వరండా గారి అమ్మాయికి చెప్పాల్సింది కూడా అదే. నాన్న ఎప్పుడూ ఇలాగే రాస్తారు కదా అని ఆమె గమనించాలి.

ఇంకొకటి. సంగతి బరువైనదైతే చివరి చుక్కే సరిగ్గా కుదురుతుంది. ఎవరైనా పోయారన్న కబురుకు "చాలా బాధగా ఉంది." అని పెడితే కొత్తతరం కూడా దాన్ని కటువుగా చదవదు. సంతోషంగా ఉండాల్సిన మాట మీద చుక్క పడినప్పుడే మాట ఒక దిక్కు, గుర్తు ఒక దిక్కు లాగుతాయి.

బడిపంతులు: ఇప్పుడు మీరు చెప్పింది అర్థమైంది. అయినా నా అభ్యంతరం పోలేదు. ఏళ్ల తరబడి ఒక పద్ధతిలో రాసినవారు ఎదుటివారి బెరుకు కోసం మారాలా, లేక చదివేవారే ఎదుటి మనిషిని ఎరిగి చదువుకోవాలా? నేను రెండోదే అంటాను.

కొత్తమొలక: సార్, మాతో మాట్లాడేటప్పుడు గొంతు మార్చుకుంటారు కదా, ఇదీ అలాంటిదే. అందరికీ మార్చమనడం లేదు, మా చాట్‌లో మాత్రమే.

వరండా: ఇద్దరి మాటా సబబుగానే ఉంది. చుక్క మానడం నా చేతికి రావడం లేదు, వేలు దానంతటదే అక్కడికి పోతుంది. "సరే అమ్మా." అని పెట్టి చూస్తాను. ఒకటి మిగిలింది. ఇంటి గ్రూపులో మా అమ్మాయీ ఉంది, మా అన్నయ్యా ఉన్నారు. ఆయన చుక్క లేకపోతే నిర్లక్ష్యం అంటారు. అక్కడ ఎలా రాయాలో ఎవరైనా చెప్పండి.